ఒప్పందాల అనువాదం – 5వ పాఠం: ‘అడ్వాన్స్’ అంటే ఏ డబ్బు?

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. ఇంగ్లీష్ దస్తావేజులో ‘ఎగ్జిక్యూటెడ్’ అని ఉన్నచోట చాలామంది ‘ఈ దస్తావేజు ఫలానా తేదీన అమలు చేయబడినది’ అని రాశారు. అది తప్పు. అక్కడ ఆ మాటకు అర్థం రాసి, సంతకం పెట్టి ఇచ్చారని. అమలు అంటే అందులోని షరతులు నెరవేర్చడం. సంతకం పెట్టిన రోజునే అమలైపోయిందని రాస్తే, ఇంకా ముట్టాల్సిన డబ్బు ముట్టేసినట్టు చదువుకునే వీలుంటుంది. మన పాత దస్తావేజుల్లో ‘వ్రాసి ఇచ్చిన’ అని ఉంటుంది చూడండి, అదే సరైన మాట. కొత్త మాట కోసం వెతుక్కునే పని లేదు.

ఇక ఈ పాఠానికి ఒకే ఒక్క మాట తీసుకున్నాను: అడ్వాన్స్. ఇల్లు, స్థలం అమ్మకపు ఒప్పందాలను తెలుగు నుంచి ఇంగ్లీష్‌కి, ఇంగ్లీష్ నుంచి తెలుగుకి మార్చేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ డబ్బు ఈ మాట దగ్గరే పోతుంది. పైగా ఇది ఇంగ్లీష్ మాటే కదా, అనువదించేది ఏముంది అనిపిస్తుంది. మోసం చేసేది అదే.

ఒక నమూనా చూద్దాం. నలభై లక్షల రూపాయల స్థలం. తెలుగు ముసాయిదాలో ఇలా ఉంది:

‘ఈ దినమున కొనుగోలుదారు రూ.2,00,000 అడ్వాన్సుగా చెల్లించినారు. నెల రోజుల లోపల మరల రూ.8,00,000 అడ్వాన్సుగా చెల్లించవలెను. కొనుగోలుదారు గడువులోగా మిగతా సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకొనని యెడల అడ్వాన్స్ సొమ్ము జప్తు అగును.’

వ్యవహారంలో మనం రెండు రకాల డబ్బును ఈ ఒక్క మాటతోనే పిలుస్తాం. మొదటిది మాట మీద నిలబడతామని చెప్పడానికి పూచీగా ఇచ్చేది. పాత కాగితాల్లో దీన్ని సంచకారం అనేవారు, కొన్నిచోట్ల బయానా అంటారు, ఇంగ్లీష్ ఒప్పందాల్లో ఎర్నెస్ట్ మనీ అంటారు. రెండోది ధరలో కొంత ముందుగా ఇచ్చేది, అంటే పార్ట్ పేమెంట్. బేరం పూర్తయితే ఈ రెండింటికీ తేడా తెలియదు, రెండూ ధరలో కలిసిపోతాయి. బేరం చెడితేనే తేడా బయటపడుతుంది. కొనేవాడు వెనక్కి తగ్గితే పూచీ సొమ్మును అమ్మేవాడు ఉంచుకోవచ్చు. ధరలో భాగంగా ఇచ్చినదాన్ని మాత్రం మామూలుగా తిరిగి ఇవ్వాలి. అమ్మేవాడికి నిజంగా నష్టం జరిగి ఉంటే అది వేరే లెక్క.

ఈ తేడా మీద సుప్రీంకోర్టు తీర్పులు రెండు గుర్తుంచుకుంటే చాలు. ఫతేచంద్, బాలకిషన్ దాస్ కేసులో 1963లో తీర్పు వచ్చింది. అక్కడ ధర రూ.1,12,500. ఎర్నెస్ట్ మనీగా ఇచ్చింది రూ.1,000. తర్వాత ధరలో భాగంగా మరో రూ.24,000 ఇచ్చారు. కొనేవాడు తప్పితే మొత్తం రూ.25,000 పోతుందని కాగితంలోనే రాసుకున్నారు. అయినా అమ్మినవారికి దక్కింది ఆ వెయ్యి మాత్రమే. రూ.24,000 ఉంచుకోవడాన్ని కోర్టు కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ కింద చూసింది. కాగితంలో ఎంత రాసుకున్నా, దక్కేది ఆ పరిమితికి లోబడి న్యాయమైన పరిహారమేనని ఆ సెక్షన్ చెబుతుంది. రెండోది సతీష్ బాత్రా, సుధీర్ రావల్ కేసు, 2012 నాటి తీర్పు. ధర రూ.70,00,000, ఎర్నెస్ట్ మనీ రూ.7,00,000. అది ఎందుకిచ్చారో, కొనేవాడు తప్పితే ఏమవుతుందో షరతులో స్పష్టంగా ఉంది. ఆ ఏడు లక్షలూ అమ్మేవారికే దక్కాయి.

ఇప్పుడు మన నమూనాకు రండి. అనువాదకుడు రెండుచోట్లా ఎర్నెస్ట్ మనీ అని రాశాడనుకోండి. కొనేవాడి తలమీద పది లక్షల ప్రమాదం పెట్టినట్టే. రెండుచోట్లా పార్ట్ పేమెంట్ అని రాస్తే అమ్మేవాడికి పూచీయే లేకుండా పోయింది. మూలంలో లేని నిర్ణయాన్ని అనువాదకుడు తీసుకున్నాడు. అది మన పని కాదు.

మరి ఏం చేయాలి? కాగితం రాయించినవారిని మూడు ప్రశ్నలు అడుగుతాను. కొనేవాడు వెనక్కి తగ్గితే ఏ డబ్బు పోతుంది? అమ్మేవాడు వెనక్కి తగ్గితే ఎంత తిరిగి ఇవ్వాలి? ఇద్దరి తప్పూ లేకుండా, ఉదాహరణకు లింక్ డాక్యుమెంట్లలో ఏదో తేడా బయటపడి బేరం ఆగితే? ఈ ప్రశ్నలు ఫోన్లో అడగను, రాసి పంపుతాను. జవాబు కూడా రాతలోనే రావాలి. పై నమూనాలో రెండు పార్టీల మనసులో ఉన్నది రెండు లక్షలు మాత్రమే పూచీ అని తేలిందనుకుందాం. అప్పుడు మొదట మూల ముసాయిదానే దిద్దించాలి, అనువాదం ఆ తర్వాతే. దిద్దిన వాక్యం ఇలా ఉంటుంది:

‘ఈ దినమున కొనుగోలుదారు, ఈ ఒప్పందమును తాను నెరవేర్చెదనను పూచీగా, రూ.2,00,000 చెల్లించినారు. దీనిని ఇకపై సంచకారము అందుము. ఇంగ్లీష్ ప్రతిలోని ఎర్నెస్ట్ మనీ అను మాటకు ఇదే అర్థము. నెల రోజుల లోపల చెల్లించవలసిన రూ.8,00,000 ధరలో భాగము మాత్రమే, సంచకారము కాదు.’

సంచకారం అన్న మాట ఈ రోజుల్లో ఎందరికి తెలుసు అని అడగొచ్చు. తెలియకపోయినా ఫర్వాలేదు. మాట ఏదైనా, దానికి ఆ కాగితంలోనే అర్థం చెప్పేశాం కదా. నిజానికి పాత మాట వల్ల ఒక మేలుంది. రోజూ వాడే మాట కాదు కాబట్టి చదివేవారు తమకు తెలిసిన అర్థాన్ని దాని మీద వేసుకోరు. బయానా అని రాస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తాం. ఆ మాటనీ జనం రెండు అర్థాల్లోనూ వాడతారు.

అడిగినా జవాబు రాలేదనుకోండి. అప్పుడు మూలంలోని అస్పష్టతను అలాగే ఉంచి, అడ్వాన్స్‌ని అడ్వాన్స్‌గానే వదిలేసి, ఫలానా మాట అర్థం తేలలేదని పక్కన గమనిక పెట్టి పంపుతాను. అందంగా ఉండదు. కానీ నిజాయితీగా ఉంటుంది.

అదే వాక్యంలో ఇంకో చిన్న గొయ్యి ఉంది: ‘జప్తు’. కోర్టు జప్తు చేసిందంటే ఆస్తిని అటాచ్ చేసిందని. యజమాని అప్పటికింకా యజమానే. ఒప్పందంలో మనవాళ్లు రాసే జప్తుకి అర్థం అది కాదు, ఆ డబ్బు ఇక అమ్మేవాడిదే అని, అంటే ఫోర్ఫీచర్. ఇంగ్లీష్‌లోకి వెళ్లేటప్పుడు అటాచ్‌మెంట్ అని రాస్తే షరతు అర్థమే మారిపోతుంది. ఇంగ్లీష్ నుంచి తెలుగుకి వచ్చేటప్పుడు నేను జప్తు వాడటం మానేశాను. ‘అమ్మకందారు ఆ సొమ్మును ఉంచుకొనవచ్చును, తిరిగి ఇవ్వనక్కరలేదు’ అని రాస్తే నాలుగు మాటలు ఎక్కువవుతాయి, అంతే.

ఇప్పుడు రెండో సంగతి. ఇంత జాగ్రత్తగా చేసినా రెండు ప్రతుల మధ్య ఎక్కడో తేడా మిగిలిపోతుంది. అప్పుడు ఏది చెల్లుతుంది? తెలుగా, ఇంగ్లీషా?

ముందు చూడాల్సింది సంతకాలు ఎక్కడ ఉన్నాయన్నది. ఇంగ్లీష్ ప్రతి మీదే సంతకాలు ఉంటే తెలుగు ప్రతి ఒప్పందం కాదు, అర్థం చేసుకోవడానికి ఇచ్చిన కాగితం. రెండింటి మీదా సంతకాలుంటే, ఏది చెల్లుతుందో చెప్పే షరతు వెతకాలి. అది లేకపోతే కోర్టు రెండింటినీ కలిపి చదివి, వాళ్లు నిజంగా ఏం అనుకున్నారో వెతుకుతుంది. అనుమానం అలాగే మిగిలితే, ఆ మాటలు రాయించినవారికి వ్యతిరేకంగా అర్థం చెప్పే పద్ధతి ఉంది. ‘అది కాదండీ, మేం నోటితో ఇలా అనుకున్నాం’ అంటే చెల్లడం కష్టం. రాతలో ఉన్న షరతుకు విరుద్ధంగా నోటిమాట సాక్ష్యాన్ని చట్టం మామూలుగా ఒప్పుకోదు. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చినా ఈ సూత్రం మారలేదు. ఇద్దరూ ఒకటనుకుని పొరపాటున కాగితంలో ఇంకొకటి పడిందని రుజువు చేయగలిగితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ కింద దస్తావేజును సరిదిద్దమని అడగొచ్చు. అయితే అదొక దావా. ఒక్క వాక్యం సరిగ్గా రాసుకుంటే తప్పేదానికి ఏళ్లు తిరగాల్సి వస్తుంది.

ఆ ఒక్క వాక్యం దగ్గర నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ఇంగ్లీష్ ముసాయిదాలో ‘ఇంగ్లీష్ ప్రతే చెల్లును’ అని ఉంది. తెలుగు ప్రతి కోసం నాకు పాత నమూనా ఒకటి ఇచ్చారు, అందులో ‘తెలుగు ప్రతియే చెల్లును’ అని ఉంది. మిగతా షరతులన్నీ వరుసగా పోల్చి చూసిన నేను, చివరి పేజీలో మామూలు మాటలే కదా అని దాన్ని వదిలేశాను. ఏ ప్రతికి ఆ ప్రతి నేనే గొప్ప అంటోంది! సంతకాలకు ముందురోజు సాయంత్రం అమ్మకందారు తరఫు జూనియర్ లాయర్ పట్టుకుంది. అప్పటినుంచి ఏది చెల్లుతుందన్న షరతునే నేను మొట్టమొదట అనువదిస్తాను.

‘రెండు ప్రతులూ సమానంగా చెల్లును’ అని రాయడం చూడటానికి మర్యాదగా ఉంటుంది కానీ, చిన్న లావాదేవీల్లో దాన్ని నేను వద్దంటాను. తేడా వచ్చిన రోజు ఆ వాక్యం దేనికీ జవాబు చెప్పదు. ఒక భాషను ఎంచుకోవాలి. ఏ భాష? బేరం ఏ భాషలో జరిగిందో, బలం తక్కువ ఉన్న పార్టీ ఏ భాష చదవగలదో, ఆ భాష అని నా అభిప్రాయం. తెలుగు మాత్రమే చదివే అమ్మకందారుతో ఇంగ్లీషే చెల్లుతుందని రాయించి, తెలుగు ప్రతిలో వేరే అర్థం వచ్చేలా రాస్తే, తప్పుదోవ పట్టించి సంతకం చేయించారనే వాదనకు మనమే దారి చూపినట్టు.

తెలుగు ప్రతి చెల్లుతుందని రాసుకున్నా ఒక సంగతి మరిచిపోకూడదు. హైకోర్టులో వ్యవహారం ఇంగ్లీష్‌లోనే నడుస్తుంది, రాజ్యాంగం 348వ అధికరణ చెప్పేది అదే. కాబట్టి మన తెలుగు కాగితం అక్కడికి చేరేసరికి ఇంకెవరో దాన్ని మళ్లీ ఇంగ్లీష్‌లోకి మారుస్తారు. ఆ మనిషికి మన మూడు ప్రశ్నలూ తెలియవు, వాటికి వచ్చిన జవాబులూ తెలియవు. ‘ఇంగ్లీష్ ప్రతిలోని ఎర్నెస్ట్ మనీ అను మాటకు ఇదే అర్థము’ అని ఒప్పందంలోనే రాయించింది ఆ మనిషి కోసమే.

అభ్యాసం: ఈ వాక్యాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చండి. ‘అమ్మకందారు ఒప్పందము రద్దు చేసిన యెడల అడ్వాన్స్ సొమ్ము రెట్టింపుగా వాపసు ఇవ్వవలెను.’ మార్చేముందు ఎవరిని ఏం అడగాలో రెండు ప్రశ్నలు రాసుకోండి. ఒకటి అడ్వాన్స్ గురించి అని మీకు తెలుసు. రెండోది ‘రద్దు’ దగ్గర ఉంది. ఒప్పందంలో రాసుకున్న హక్కు వాడుకుని ఆపేయడమా, మాట తప్పడమా? ఆరో పాఠం అక్కడ మొదలుపెడతాను.