లెక్చర్ నోట్స్‌ని కేర్ ప్లాన్‌గా మార్చే ముందు: బెడ్‌సోర్ పాఠంతో కొన్ని జాగ్రత్తలు

క్లినికల్ పోస్టింగ్ మొదలవబోతోందంటే చాలామంది చేసే పని ఒకటే. లెక్చర్ నోట్స్ ముందు పెట్టుకుని, లక్షణాలన్నీ అసెస్‌మెంట్ గడిలోకి, నర్సింగ్ కేర్ మొత్తం యాక్షన్ గడిలోకి ఎక్కించేస్తారు. కాగితం నిండుతుంది, కానీ అందులో పేషెంట్ ఉండడు. లెక్చర్ జబ్బు గురించి చెబుతుంది, కేర్ ప్లాన్ మంచం మీదున్న ఒక్క మనిషి గురించి చెప్పాలి. అందుకే టెంప్లేట్‌లోకి నోట్స్‌లోని జవాబులు కాకుండా ప్రశ్నలే రావాలి.

బెడ్‌సోర్ పాఠమే తీసుకోండి. నోట్స్‌లో "కారణాలు: కదలిక లేకపోవడం, తడి, పోషకాహార లోపం, రాపిడి" అని ఉంటుంది. దీన్ని అసెస్‌మెంట్‌లో అలాగే రాయకండి. "తనంతట తను పక్కకు తిరగగలడా? దుప్పటి ఎంత తరచుగా తడుస్తోంది? పళ్ళెంలో ఎంత మిగిల్చాడు? మంచంలో కిందికి జారుతున్నాడా?" అని మార్చి, ఎదురుగా ఖాళీ వదలండి. బెడ్‌సోర్ వచ్చే ప్రమాదాన్ని అంకెల్లో కొలిచే బ్రేడెన్ స్కేల్‌లోని ఆరు అంశాలకూ ఒక్కో అంకెకి చోటు ఉంచండి. మొత్తం ఒక్కటే రాస్తే ఏ అంశంలో మార్కు తగ్గిందో తెలియదు, ఏం చేయాలో చెప్పేది ఆ అంశమే.

ఒక కేసు చూద్దాం. తుంటి ఎముకకు ఆపరేషన్ అయి రెండో రోజు, 68 ఏళ్ళ మనిషి. స్పర్శ తెలియడం 4, తడి 2, నడక 1, మంచంలో కదలిక 2, ఆహారం 2, రాపిడి 2. మొత్తం 13. ఈ స్కేల్‌లో అంకె తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 18 లేదా అంతకన్నా తక్కువైతే ప్రమాదం ఉన్నట్టే, 13 అంటే మధ్యస్థం. నడుము కింద, త్రికాస్థి మీద 3 సెంటీమీటర్ల ఎరుపు కనిపించింది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడలేదు, చర్మం చిట్లలేదు.

ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. నోట్స్ శీర్షికలో "బెడ్‌సోర్ వచ్చే ప్రమాదం" అని ఉందని అదే సమస్యగా రాసేస్తారు. నొక్కితే తెల్లబడని ఎరుపు అంటే మొదటి దశ వచ్చేసినట్టే. కాబట్టి ఇది ప్రమాదం కాదు, ఉన్న సమస్య. సమస్య, దాని కారణం, కంటికి కనిపించిన ఆధారం మూడూ రాయాలి. రిస్క్ మాత్రమే ఉన్న పేషెంట్‌కి మూడోది ఉండదు. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు. చేత్తో తాకి, పక్క చర్మంతో పోలిస్తే వేడిగా, గట్టిగా ఉందా అని చూసే గడి కూడా పెట్టండి.

గోల్ పేషెంట్‌కి జరగాల్సింది, మీరు చేసేది కాదు. "రెండు గంటలకోసారి పొజిషన్ మార్చడం" గోల్ కాదు, అది యాక్షన్. "చర్మం బాగుండాలి" అన్నది కొలవలేని కోరిక. "48 గంటల్లో ఎరుపు 3 సెంటీమీటర్ల కన్నా తగ్గుతుంది, చర్మం చిట్లదు, కొత్తచోట ఎరుపు రాదు" అని రాస్తే తర్వాతి షిఫ్ట్ నర్సు స్కేలు పెట్టి తేల్చగలదు.

యాక్షన్లు తగ్గిన మార్కుల వెనకాలే నడవాలి. కదలిక 2 కాబట్టి, రెండు గంటలకోసారి దాదాపు 30 డిగ్రీలు పక్కకు వాల్చి, వీపు వెనక దిండు పెట్టాలి. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు ఉంచాలి. రాపిడి 2 కాబట్టి, వేరే కారణం లేకపోతే మంచం తల వైపు 30 డిగ్రీలు దాటకూడదు, పైకి జరిపేటప్పుడు లాగకుండా డ్రాషీట్‌తో ఇద్దరు ఎత్తాలి. తడి 2 కాబట్టి, తడిసిన వెంటనే తుడిచి, ఆరబెట్టి, బారియర్ క్రీమ్ రాయాలి. ఆహారం 2 కాబట్టి, ప్రతి పూటా ఎంత తిన్నాడో రాసి, డైటీషియన్‌కి చెప్పాలి.

నోట్స్ నుంచి గుడ్డిగా ఎక్కించకూడని మాట "రెండు పక్కలకీ తిప్పాలి". తుంటి ఆపరేషన్ అయినవాళ్ళని ఏ పక్కకు తిప్పవచ్చో, కాళ్ళ మధ్య దిండు ఉండాలో లేదో సర్జన్ ఆర్డర్ చూడాలి. అందుకే "అనుమతి ఉన్న పక్క" అని ఒక ఖాళీ గడి తప్పనిసరి. పాత నోట్స్‌లో ఎర్రబడ్డ చోట మసాజ్ చేయమనో, గుండ్రటి రింగు కుషన్ పెట్టమనో ఉంటే కొట్టేయండి. మసాజ్ వల్ల లోపలి కణజాలం ఇంకా నలుగుతుంది. రింగు అంచు చుట్టూ ఒత్తిడి పెంచి రక్తప్రసరణ తగ్గిస్తుంది.

"మానిటర్ చేయాలి" అన్న పదం ఎక్కడున్నా ఏమిటి, ఎప్పుడు, ఎవరికి చెప్పాలి అని విడదీయండి. ఈ కేసులో అది "ప్రతి షిఫ్ట్‌లో త్రికాస్థి, మడమలు, తుంటి చూడాలి. పొక్కు లేదా చిట్లడం కనిపిస్తే వెంటనే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పాలి" అవుతుంది.

చివరి గడి ఎవాల్యుయేషన్. పోస్టింగ్‌కి ముందే దాన్ని "గోల్ నెరవేరింది" అని నింపేసుకునేవాళ్ళు ఉంటారు, ఆ పని చేయకండి. 48 గంటల తర్వాత ఎరుపు ఇంకా 3 సెంటీమీటర్లే ఉంటే అదే రాసి, పొజిషన్ చార్ట్ తీసి రాత్రి షిఫ్ట్ సంతకాలు చూడండి. తిప్పడం జరగకపోతే యాక్షన్ అమలు సరిచేయాలి. జరిగినా తగ్గకపోతే పరుపు మార్చడం గురించి, తిప్పే వ్యవధి తగ్గించడం గురించి డాక్టర్‌తో మాట్లాడి ప్లాన్‌ని తిరగరాయాలి.