లెక్కల మెళకువలు – 7వ పాఠం: 250! చివర సున్నాలెన్ని?

పోయిన పాఠంలో సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం చూశాం. ఈసారి దాంతోనే పని.

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రాలు పోటీ పరీక్షల పిల్లలకు ట్యూషన్ చెబుతుంటాను. మొన్న బోర్డు మీద 250! రాశాను. అంటే 1 నుంచి 250 దాకా అన్నిటినీ గుణిస్తే వచ్చే సంఖ్య. దాని చివర వరసగా ఎన్ని సున్నాలుంటాయి?

ముందు బెంచీ అమ్మాయి "27 సార్" అంది. 10, 20, 30 అంటూ 250 దాకా సున్నాలు లెక్కపెట్టిందట: 25 సంఖ్యలు, 100కీ 200కీ ఇంకో సున్నా చొప్పున రెండు. మరి 5! సంగతేంటి? 1×2×3×4×5 = 120. సున్నాతో ముగిసే సంఖ్య ఒక్కటీ లేదు, అయినా సున్నా వచ్చింది. 2, 5 కలిసి 10 అయ్యాయి కాబట్టి.

అంటే ఒక్కో సున్నాకి ఒక 2, ఒక 5 కావాలి. 250 లోపు సరి సంఖ్యలే 125 ఉన్నాయి, 2లకు కరువు లేదు. కొరత 5లకే. అందుకే 5లను లెక్కపెడితే చాలు.

వెనక నుంచి ఒకబ్బాయి "అయితే 50" అన్నాడు. దారి సరైనదే, మధ్యలో ఆగిపోయాడు. 5 గుణిజాలు 50 ఉన్న మాట నిజమే. కానీ 25 అంటే 5×5, అందులో రెండు 5లున్నాయి. మనం ఒకటే లెక్కేశాం. 25, 50, 75... ఇలా 250 దాకా 10 సంఖ్యలు, ఒక్కోదాంట్లో ఇంకో 5. ఇక 125లోనూ 250లోనూ మూడో 5 కూడా ఉంది. మొత్తం 50 + 10 + 2 = 62.

చేతిలో చేసేటప్పుడు 25, 125 అని వెతుక్కోనక్కర్లేదు. వచ్చిన భాగఫలాన్నే మళ్లీ 5తో భాగిస్తూ పోండి: 250 → 50 → 10 → 2. ఇక భాగించలేం, ఆగి కూడండి.

శేషం వస్తే వదిలేయాలి. 1000!కి 200, 40, 8 వచ్చాక 8ని భాగిస్తే 1.6. దాన్ని 2 చేస్తే జవాబు 250 అవుతుంది, తప్పు. 1 మాత్రమే తీసుకోవాలి, అప్పుడు 249. పరీక్షలో ఆ 250 కూడా ఆప్షన్లలో కూర్చునే ఉంటుంది!

ఎక్సెల్‌లో సరిచూద్దామనుకుంటే జాగ్రత్త. `=FACT(25)` కొట్టి పూర్తి అంకెలు చూస్తే చివర 12 సున్నాలు కనిపిస్తాయి. అది 15 అంకెల దాకానే చూపించి, మిగతా చోట్ల సున్నాలు పెట్టేస్తుంది. అసలు సంఖ్య 15511210043330985984000000. సున్నాలు ఆరే.

ఇంటి పని: 24!కి 4 సున్నాలు, 25!కి 6. మరి సరిగ్గా 5 సున్నాలతో ముగిసే ఫ్యాక్టోరియల్ ఏది? కాగితం మీద ప్రయత్నించండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.