బీపీ 98 ఉన్నా షాకే: కార్డియోజెనిక్ షాక్‌లో సమస్య - పరిష్కారం

సమస్య: బీపీ పర్వాలేదు, మనిషి మాత్రం చల్లబడుతున్నాడు

గుండె తగినంత రక్తం పంపలేక అవయవాలకు రక్తం అందకపోవడమే కార్డియోజెనిక్ షాక్. 70 కిలోల మనిషికి గుండె ముందుభాగంలో పెద్ద గుండెపోటు వచ్చిందనుకుందాం. బీపీ 98/76, నాడి 118. మోకాళ్ల దాకా కాళ్లు చల్లగా ఉన్నాయి. మూత్రం గంటకు 15 మి.లీ., కణాలకు ఆక్సిజన్ అందనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్ 4.6. ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు.

కారణం: పై బీపీ 90 దాటిందని ఇక్కడ చాలామంది ఊరుకుంటారు. పైఅంకెకూ కిందిఅంకెకూ తేడా చూడండి: 22 మాత్రమే, అంటే 98లో నాలుగో వంతు కూడా లేదు. గుండె విసిరే రక్తం తగ్గిపోయింది, రక్తనాళాలు బిగుసుకుని అంకెను నిలబెడుతున్నాయి.

ఏం చేయాలి: వెంటనే ఎకో తీసి కవాటం చీలిందా, గోడకు రంధ్రం పడిందా, గుండె చుట్టూ రక్తం చేరిందా చూడాలి. ఊపిరితిత్తులు నిండి ఉన్నాయి కాబట్టి సెలైన్ వద్దు. మూసుకున్న నాళాన్ని తెరవడమే అసలు వైద్యం. మందుల ప్రభావం చూద్దామని క్యాథ్‌ల్యాబ్‌ను ఆపకూడదు.

ఈలోగా గుండె బలంగా కొట్టుకునేలా చేసే డోబుటమిన్ కిలోకు నిమిషానికి 2.5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టవచ్చు. 50 మి.లీ. సిరంజిలో 250 మి.గ్రా. కలిపితే ఈయనకు గంటకు 2.1 మి.లీ. అవుతుంది.

సమస్య: డోబుటమిన్ పెట్టాక బీపీ 84/50

ఈ మందు నాళాలను కాస్త వదులు చేస్తుంది కూడా. నాళాలను బిగించే నోర్‌అడ్రినలిన్‌ను కిలోకు నిమిషానికి 0.05 మైక్రోగ్రాముల నుంచి జోడించి సగటు బీపీ 65కు తీసుకురండి. అంతకుమించి పెంచితే అలసిన గుండెకు బరువే. డోపమిన్‌కు నోర్‌అడ్రినలిన్ కంటే లయ తప్పే ముప్పు ఎక్కువ.

సమస్య: మందులు పెరుగుతున్నాయి, లాక్టేట్ దిగట్లేదు

సగటు బీపీని నిమిషానికి గుండె పంపే లీటర్లతో గుణించి 451తో భాగించండి. సగటు బీపీ 65, గుండె పంపేది 3.2 లీటర్లు అనుకుంటే 65 × 3.2 ÷ 451 = 0.46 వాట్లు. 0.6 కన్నా తక్కువంటే పంపే శక్తి చాలదు. మూడో మందు వెతకడం మాని యంత్రం గురించి మాట్లాడాల్సిన సమయమిది.

మహాధమనిలో పెట్టే బెలూన్ పంప్‌ను అందరికీ వాడినా మరణాలు తగ్గవని 2012 నాటి ఐఏబీపీ-షాక్ 2 పరిశోధన తేల్చింది. గుండె లోపల కూర్చునే చిన్న పంపు ఇంపెల్లా 2024లో డేంజర్-షాక్ పరిశోధనలో మేలు చూపింది: 180 రోజుల్లో మరణాలు 58.5 నుంచి 45.8 శాతానికి తగ్గాయి. అయితే రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం, డయాలసిస్ అవసరం పెరిగాయి. గుండె ఆగి స్పృహ రాని వారిని అందులో చేర్చలేదు. యంత్రం పెట్టిన కాలి పాదంలో నాడిని గంటగంటకూ డాప్లర్‌తో చూడటం ఎంత విసుగనిపించినా మానకూడదు.

సమస్య: ఎక్మో మీద నాడి గీత చదునైంది, నురగ కఫం వస్తోంది

ఒంటి బయట ఉండి గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం ఎక్మో, రక్తాన్ని మహాధమనిలోకి ఎదురుగా తోస్తుంది. బలహీనమైన ఎడమ గది ఆ ఒత్తిడికి మహాధమని కవాటం తెరవలేక ఉబ్బుతుంది. ఎకోలో కవాటం కదలట్లేదని తేలితే ప్రవాహాన్ని అవయవాలకు సరిపడేంత వరకు తగ్గించి, డోబుటమిన్ కొంత కొనసాగించాలి. అప్పటికీ తెరుచుకోకపోతే గదిని ఖాళీ చేయడానికి ఇంపెల్లా లాంటిది జోడించాలి. లేదంటే నిలిచిన రక్తం లోపలే గడ్డకడుతుంది.