మెట్రో కార్డు ఆటో రీఛార్జ్, క్యాబ్ పాస్ పూర్తిగా ఆపడం ఎలా?

"యాప్ తీసేశాను, అయినా డబ్బులు కట్ అవుతున్నాయి" అంటూ మా ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని వస్తూనే ఉంటారు. యాప్ తీసేస్తే కట్ అవడం ఆగదు. మీరు అనుమతి ఇచ్చింది మీ బ్యాంకుకు. ఆ అనుమతినే మ్యాండేట్ అంటారు, దాన్ని రద్దు చేసేదాకా అది బతికే ఉంటుంది.

కావాల్సినవి ఫోన్, యూపీఐ పిన్, గత రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్. పని రాత్రిపూట, ఆ రోజు ప్రయాణాలన్నీ అయ్యాక పెట్టుకోండి.

ముందు మెట్రో కార్డు సంగతి చూడాలి, ఎందుకంటే దానికి హెచ్చరిక రాదు. మామూలు ఆటోపేకి డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలి. కానీ 2024 ఆగస్టులో ఆర్‌బీఐ ఫాస్టాగ్‌కు, మెట్రోల్లో, బస్సుల్లో వాడే ఎన్‌సీఎంసీ అనే కార్డుల ఆటో రీఛార్జ్‌కు ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చింది. బ్యాలెన్స్ మీరు పెట్టుకున్న హద్దు కంటే, 100 రూపాయలే అనుకుందాం, కిందికి వస్తే చాలు, రీఛార్జ్ అయిపోతుంది. కాబట్టి మెసేజ్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి. కార్డు యాప్‌లో ఆటో రీఛార్జ్ ఆఫ్ చేసి, అప్పటికే కట్టిన డబ్బు కార్డులోకి ఎక్కిందో లేదో చూడండి. ఎన్‌సీఎంసీలో బ్యాలెన్స్ చిప్‌లో ఉంటుంది, ఆన్‌లైన్‌లో కట్టింది స్టేషన్ మెషీన్ దగ్గర అప్‌డేట్ చేయించుకుంటే గానీ అందులోకి రాదు.

క్యాబ్ పాస్ అయితే దాని యాప్‌లోకి వెళ్లి రెన్యువల్ ఆపండి. "ఇంకా ఇన్ని రోజులు వాడుకోవచ్చు" అన్న స్క్రీన్ వస్తే స్క్రీన్‌షాట్ తీసుకోండి. సైకిల్ లేదా బైక్ పాస్‌కైతే నడుస్తున్న రైడ్ ముగిసిందా లేదా చూసుకుని, డిపాజిట్ ఉంటే దాన్ని వెనక్కి అడగండి. ఖాతా మూసేశాక అడగడం చాలా కష్టం.

ఇక అసలు పని. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, దయచేసి నిదానంగా చదవండి.

యూపీఐ యాప్‌లో మీ ప్రొఫైల్ నొక్కితే Autopay అని ఉంటుంది, అందులో మీరిచ్చిన మ్యాండేట్లన్నీ కనిపిస్తాయి. చిక్కేమిటంటే, అక్కడ మీకు తెలిసిన పేరు ఉండకపోవచ్చు. యాప్ పేరు ఒకటైతే దాన్ని నడిపే కంపెనీ పేరు ఇంకొకటి ఉంటుంది. పక్కన కనిపించే మొత్తం కూడా చాలాసార్లు కట్ అయ్యేది కాదు, గరిష్ఠ పరిమితి. 149 రూపాయల పాస్‌కు 1,000 వరకు అని ఉండొచ్చు.

మా బావమరిది బెంగళూరులో సరిగ్గా ఇలాగే పొరపాటు పడ్డాడు. జాబితాలో నాలుగు ఉంటే, 1,000 అని ఉన్నది క్యాబ్ పాస్ కాదనుకుని పక్కన పెట్టి, 150 ఉన్నదాన్ని రద్దు చేశాడు. అది వాళ్లమ్మగారి టీవీ రీఛార్జ్. ఐదో తారీఖున పాస్ డబ్బు మళ్లీ కట్ అయింది, ఆవిడకు టీవీ ఆగిపోయింది. పాపం, ఇద్దరూ వారం పాటు టెన్షన్ పడ్డారు.

అందుకే పేరు చూసి నొక్కకండి. స్టేట్‌మెంట్‌లో పాస్ డబ్బు కట్ అయిన తేదీ, మొత్తం రాసుకోండి. ఒక్కో మ్యాండేట్ తెరిచి పాత చెల్లింపులు చూడండి. తేదీ, మొత్తం రెండూ కలిస్తేనే అది మీరు వెతుకుతున్నది. అందులో కనిపించే మ్యాండేట్ నంబరును స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాత రద్దు నొక్కి పిన్ కొట్టండి. పాజ్ పెట్టకండి, పాజ్ గడువు అయిపోయాక మళ్లీ మొదలవుతుంది.

ఎంత వెతికినా కనిపించకపోతే రెండు కారణాలు ఉంటాయి. మీరు వేరే యూపీఐ యాప్‌లో ఇచ్చి ఉంటారు, వాడకం మానేసిన యాప్‌లు కూడా తెరిచి చూడండి. లేదంటే డెబిట్, క్రెడిట్ కార్డు మీద ఇచ్చి ఉంటారు, అప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకు యాప్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ లేదా ఈ-మ్యాండేట్ అని ఉన్నచోట వెతకాలి. ఓటీపీ కొడితే రద్దవుతుంది, దీనికి రుసుము ఉండకూడదు.

ఖాతాలో డబ్బు లేకుండా ఉంచితే సరిపోతుందని కొందరు చెబుతారు, అది వినకండి. చెల్లింపు ఫెయిలైతే మళ్లీ ప్రయత్నిస్తారు, ఈలోగా జీతం పడితే పోతుంది.

రద్దయిన మెసేజ్ వచ్చాక కూడా తర్వాతి రెన్యువల్ తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆ రోజు డబ్బు కట్ అయితే, మ్యాండేట్ నంబరు, రద్దు మెసేజ్ రెండూ జతచేసి అదే రోజు బ్యాంకుకు ఫిర్యాదు పెట్టండి.