స్టోరీబోర్డు నేర్చుకుందాం – 3: సీను నుంచి షాట్ల పట్టికకు

పోయిన పాఠంలో ఒక చిన్న సీను రాసుకుని రమ్మన్నాను. రాసిన వాళ్ళు దాన్ని ముందు పెట్టుకోండి, రాయని వాళ్ళు కింద ఉన్న నా సీను వాడుకోండి. ఈసారి బొమ్మలు వేయం. బొమ్మల కంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. సీనును షాట్లుగా చీల్చి, కెమెరా, యాక్షన్, డైలాగ్ అని గడులు గీసి పట్టిక వేసుకోవాలి. మన సినిమా వాళ్ళు దీన్నే షాట్ డివిజన్ అంటారు. ఇది సరిగ్గా ఉంటే బొమ్మలు పుల్లల మనుషులతో వేసినా పనైపోతుంది.

సీను ఇది.

టైలర్ షాపు, సాయంత్రం. మస్తాన్ మిషన్ మీద ఏదో కుడుతుంటాడు. సుజాత చేతిలో కవరుతో వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.
సుజాత: అన్నా, నా జాకెట్ అయిందా? తెల్లారితే పెళ్ళి.
మస్తాన్: అయిపోయిందమ్మా. హుక్కులూ కాజాలే మిగిలాయి.
(మిషన్ కింద ఉన్న సంచిని కాలితో వెనక్కి నెడతాడు. అందులో కత్తెర తగలని గుడ్డ.)
సుజాత: ఏదీ, చూపించు.
మస్తాన్: కుర్రాడు కాజాలకి పట్టుకెళ్ళాడమ్మా, గంటలో వచ్చేస్తాడు.
కుర్రాడు (బయటి నుంచి): బాబాయ్, నీ టీ చల్లారిపోతోంది!
సుజాత వెనక్కి తిరిగి చూస్తుంది. మస్తాన్ తల వంచుకుని మళ్ళీ కుట్టడం మొదలెడతాడు.

చాలామంది ఏం చేస్తారంటే ఎవరు మాట్లాడితే వాళ్ళ మీద ఒక షాట్ రాసేస్తారు. సుజాత మాట్లాడింది, సుజాత క్లోజప్. మస్తాన్ మాట్లాడాడు, మస్తాన్ క్లోజప్. నేను కూడా ఈ సీనుకి మొదటిసారి అలాగే 11 షాట్లు రాశాను, చదువుకుంటే పింగ్‌పాంగ్ ఆట చూస్తున్నట్టు తల అటూ ఇటూ తిరగడం తప్ప ఏమీ లేదు. డైలాగ్ మారిన ప్రతిచోటా షాట్ మారక్కర్లేదు. చూసేవాడికి కొత్త సంగతి ఒకటి కనపడాల్సిన చోట షాట్ మారాలి.

అందుకని ముందు పట్టిక జోలికి పోకుండా పెన్సిల్ తీసుకుని సీను కాగితం మీదే చదువుతూ వెళ్ళండి, కొత్త సంగతి వచ్చిన ప్రతిచోటా అడ్డగీత పెట్టండి. ఈ సీనులో నాకు వచ్చిన సంగతులు ఇవి: ఇది టైలర్ షాపు, ఒకామె వచ్చింది. తెల్లారితే పెళ్ళి, ఆమెకి తొందర ఉంది. మస్తాన్ ఇరుక్కున్నాడు. గుడ్డ ఇంకా కత్తిరించనే లేదు. సుజాత నమ్ముతోందా లేదా? కుర్రాడు ఇక్కడే ఉన్నాడు. మస్తాన్ దొరికిపోయాడు. లెక్కపెడితే ఏడు, కాబట్టి షాట్లూ ఏడే.

| షాట్ | కెమెరా | యాక్షన్ | డైలాగ్, చప్పుడు |
|---|---|---|---|
| 1 | వైడ్, వీధిలోంచి, ఐ లెవెల్ | లోపల మస్తాన్ మిషన్ తొక్కుతున్నాడు. ఫ్రేము అంచున మెట్టు మీద కుర్రాడు టీ తాగుతున్నాడు. సుజాత కవరుతో వచ్చి గుమ్మంలో ఆగింది. | (మిషన్ చప్పుడు) సుజాత: అన్నా, నా జాకెట్ అయిందా? |
| 2 | సుజాత మిడ్, ఫ్రేము అంచున మస్తాన్ భుజం సజెషన్, లో యాంగిల్ | కవరులోంచి చిలకాకుపచ్చ చీర కొంగు లాగి చూపించింది. | సుజాత: తెల్లారితే పెళ్ళి. |
| 3 | మస్తాన్ క్లోజప్, అతను కూర్చున్న ఎత్తులో | తల ఎత్తాడు. పెదాల మీద చిన్న నవ్వు. | (మిషన్ చప్పుడు ఆగింది) మస్తాన్: అయిపోయిందమ్మా. |
| 4 | ఇన్సర్ట్, మిషన్ కింద, నేల మట్టం | పాదం సంచిని వెనక్కి నెడుతోంది. సంచి మూతిలోంచి చిలకాకుపచ్చ గుడ్డ, షాపు మడత విప్పలేదు. | మస్తాన్ (గొంతు): హుక్కులూ కాజాలే మిగిలాయి. |
| 5 | 2వ షాట్ లాగే | సుజాత చెయ్యి చాచింది. చాచిన చెయ్యి అలాగే ఉంది. గొంతు వినపడగానే వీధి వైపు తిరిగింది. | సుజాత: ఏదీ, చూపించు. మస్తాన్: కుర్రాడు కాజాలకి పట్టుకెళ్ళాడమ్మా, గంటలో వచ్చేస్తాడు. కుర్రాడు (గొంతు): బాబాయ్, నీ టీ చల్లారిపోతోంది! |
| 6 | సుజాత చూపులోంచి, మిడ్, హై యాంగిల్ | మెట్టు మీద కుర్రాడు, రెండో గ్లాసు పైకెత్తి పట్టుకున్నాడు. | |
| 7 | 3వ షాట్ లాగే | మస్తాన్ తల దించాడు. భుజాలు మళ్ళీ ఊగడం మొదలైంది. | (మిషన్ చప్పుడు) |

ఇప్పుడు 4, 5 షాట్ల దగ్గర కాసేపు ఆగుదాం, ఈ పాఠం అసలు వాటి కోసమే.

నాలుగో షాట్‌లో డైలాగ్ గడిలో ఉన్నది మస్తాన్ నోరు, యాక్షన్ గడిలో ఉన్నది మస్తాన్ కాలు. నోరు ఒకటి చెబుతుంటే కాలు ఇంకోటి చేస్తోంది, నవ్వు పుట్టేది అక్కడే. దీన్నే 'అయిపోయిందమ్మా, హుక్కులూ కాజాలే మిగిలాయి' అని మొత్తం మొహం మీద చెప్పించి, ఆ తర్వాత కాలు చూపించారనుకోండి, అబద్ధం ఒక షాట్, దాని రుజువు ఒక షాట్ అయి కూర్చుంటుంది. అర్థం అవుతుంది కానీ చప్పగా ఉంటుంది. అందుకే డైలాగ్‌ని మధ్యకి విరిచి రెండో సగాన్ని కాలి మీదికి జరిపాను. మనిషి కనపడకుండా మాట వినిపించేటప్పుడు పేరు పక్కన 'గొంతు' అని తప్పకుండా రాయండి, లేకపోతే బొమ్మ వేసేవాడు మొహం గీసి పెడతాడు.

ఐదో షాట్‌లో మస్తాన్ రెండో అబద్ధం చెబుతున్నాడు, అయినా కెమెరా అతని మీద లేదు. ఎందుకంటే గుడ్డ సంగతి మనం అప్పటికే చూసేశాం, అతని మొహంలో మనకి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఇక మిగిలింది సుజాత నమ్మిందా లేదా అన్నదే. చాచిన చెయ్యి దించకుండా వింటోంది చూడండి, అది ఆమె మాట్లాడని డైలాగ్. కుర్రాడి కేక కూడా ఆమె మొహం మీదే వినపడాలి. ముందే కుర్రాడికి కట్ చేసేస్తే ఆమెతో పాటు మనం తిరిగి చూడం, ఆమె కంటే ముందే చూసేస్తాం. అప్పుడు ఆరో షాట్ దండగ.

యాక్షన్ గడిలో కెమెరాకి కనపడేది మాత్రమే రాయాలి. నా మొదటి కాగితంలో మూడో షాట్ దగ్గర 'మస్తాన్ కంగారు పడతాడు' అని ఉంది. కంగారును ఎలా గీస్తారు? దాని బదులు మిషన్ చప్పుడు ఆపేశాను. క్లోజప్‌లో కాళ్ళు కనపడవు కాబట్టి తొక్కడం ఆగిన సంగతి చప్పుడు ఆగితేనే తెలుస్తుంది, అందుకే అది డైలాగ్ గడిలోకి వెళ్ళింది. ఏడో షాట్‌లో అదే చప్పుడు మళ్ళీ మొదలైతే సీను మూత పడుతుంది, ఇంకో డైలాగ్ అక్కర్లేదు.

మొదట్లో రెండో షాట్‌లో చీర లేదు. పట్టిక ఒక స్నేహితుడికి చదివి వినిపిస్తే నాలుగో షాట్ దగ్గర ఆపి 'ఆ గుడ్డ ఆవిడదే అని నాకెలా తెలుస్తుంది?' అన్నాడు. నిజమే, టైలర్ షాపులో గుడ్డలకేం కొదవ! అప్పుడు చిలకాకుపచ్చ చీర కొంగు వచ్చింది. కుర్రాణ్ణి మొదటి షాట్ అంచున కూర్చోబెట్టిందీ ఇందుకే, చివర్లో ఊడిపడినట్టు ఉండకూడదని. చూసేవాడు అక్కడ వాణ్ణి పట్టించుకోకపోయినా నష్టం లేదు.

ఇలాంటి కంతలు పట్టుకోవడానికి నేను చేసే పని ఒకటే. డైలాగ్ గడిని అరచేత్తో మూసేసి యాక్షన్ మాత్రమే పైనుంచి కిందకి చదువుతాను. ఎవరో ఏదో దాస్తున్నారు, దొరికిపోయారు అన్నంత వరకూ అర్థం కావాలి. తర్వాత యాక్షన్ మూసి డైలాగ్ చదువుతాను. రెండు గడులూ ఒకటే సంగతి చెబుతున్న వరుస ఉంటే దాన్ని కొట్టేయొచ్చేమో చూస్తాను.

యాంగిల్ గురించి రెండు మాటలు. లో యాంగిల్ పెడితే మనిషి గొప్పగా కనిపిస్తాడు, హై యాంగిల్ పెడితే చిన్నగా కనిపిస్తాడు అని బట్టీ పట్టి ప్రతి గడిలో ఏదో ఒకటి నింపేస్తుంటారు. ఇక్కడ మస్తాన్ కూర్చున్నాడు, సుజాత నిలబడింది, కాబట్టి అతని భుజం పక్కనుంచి చూస్తే ఆమె పైకే కనిపిస్తుంది. మెట్టు మీద కూర్చున్న కుర్రాణ్ణి నిలబడ్డ సుజాత చూస్తే కిందకే చూడాలి. ముందు ఎవరు ఎక్కడ ఉన్నారో తేల్చుకుంటే సగం యాంగిల్స్ వాటంతట అవే వస్తాయి.

అందుకే పట్టిక పక్కన షాపును పైనుంచి చూసినట్టు ఒక చిన్న ప్లాన్ గీసుకోండి. మస్తాన్‌కీ సుజాతకీ మధ్య ఒక గీత లాగండి, దీన్ని ఇమాజినరీ లైన్ అంటారు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నంతసేపూ కెమెరా ఆ గీతకి ఒకవైపే ఉండాలి. నా ప్లాన్‌లో వీధిలోంచి చూస్తే ఎడమ చేతి గోడ వైపు పెట్టాను, అటునుంచి మస్తాన్ కుడివైపు చూస్తాడు, సుజాత ఎడమవైపు చూస్తుంది. మూడో షాట్‌కి కెమెరా అవతలి గోడకి వెళ్ళిపోయిందా, ఇద్దరూ ఒకే వైపు చూస్తూ మూడో మనిషితో మాట్లాడుతున్నట్టుంటుంది. సెట్లో 'లుక్ తప్పింది' అని అరిచేది దీని గురించే. ఆరో షాట్‌కి ఈ బెడద లేదు. సుజాత మన కళ్ళముందే వీధి వైపు తిరిగింది కాబట్టి ఆమెకీ కుర్రాడికీ మధ్య కొత్త గీత పడింది.

ప్లాన్ గీయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి ఇలాగే కాగితం మీద షాపు వెనక గోడ దగ్గర్నుంచి వైడ్ అని రాసుకుని వెళ్ళాను. తీరా చూస్తే షాపు ఎనిమిది అడుగుల లోతు, వెనక గోడ నిండా గుడ్డల అల్మారా, ట్రైపాడ్ కాళ్ళు విప్పడానికే చోటు లేదు. ఈ పట్టికలో వైడ్ వీధిలోకి వచ్చింది అందుకే.

పట్టిక అయ్యాక పక్కన ఇంకో చిన్న చిట్టా రాసుకోండి. 2, 5 ఒకే చోటు నుంచి తీస్తాం, 3, 7 ఒకే చోటు నుంచి తీస్తాం. షాట్లు ఏడైనా కెమెరా పెట్టే చోట్లు ఐదే. షూటింగ్‌లో 2 అవగానే 5 తీసేస్తారు, కానీ షాట్ నంబర్లు మాత్రం కథ వరుసలోనే ఉండాలి, మార్చకండి.

వచ్చే భాగానికి మీ సీనుకి పట్టిక వేసి ఉంచండి, పది షాట్లు దాటొద్దు. కనీసం ఒక వరుసలో మాట్లాడే మనిషి కాకుండా ఇంకేదైనా కనపడాలి. నాలుగో భాగంలో ఈ ఏడు వరుసలకి ఏడు పెట్టెలు గీద్దాం, అన్నిటికంటే ముందు ఆ మిషన్ కింద పాదం.