ఒకే పార్టుకు రెండు రీడింగులు వస్తున్నాయా? ముందు డేటమ్ ఏ ఊగుతోందేమో చూడండి

డ్రాయింగ్‌లో టాలరెన్స్ ఫ్రేమ్ ఎలా గీయాలో, గుర్తుల అర్థం ఏమిటో తెలిసినవాళ్ల కోసం ఇది. డ్రాయింగ్ చూడ్డానికి తప్పు లేనట్టే ఉంటుంది. పార్టు మాత్రం ఒక చోట పాసై, ఇంకో చోట రిజెక్ట్ అవుతుంది. అప్పుడు అందరూ సీఎంఎంని అనుమానిస్తారు, తర్వాత ఆపరేటర్‌ని. పార్టును సర్ఫేస్ ప్లేట్ మీద పెట్టి, ఎదురెదురు మూలలను వేలితో నొక్కి చూడ్డానికి అర నిమిషం చాలు. ఎందుకో ఆ పని ఎవరూ చేయరు.

లక్షణం

120 × 80 × 20 మి.మీ. అల్యూమినియం ప్లేట్ ఒకటి తీసుకుందాం. కింది ఫేస్ డేటమ్ ఏ. పై ఫేస్‌కి ఏ ఆధారంగా పారలలిజం 0.05. మందం 20 ± 0.1. పొద్దున కొలిస్తే 0.03 వచ్చింది, పాస్. మధ్యాహ్నం అదే పార్టు తీసి మళ్లీ పెడితే 0.09. మధ్యలో ఎవరూ దాన్ని కట్ చేయలేదు.

మూల నొక్కితే టక్కుమని కదులుతుందా? ఒక చివర కింద 0.05 ఫీలర్ దూరుతూ, అటువైపు నొక్కగానే ఇటువైపు ఇంకా ఎక్కువ దూరుతుందా? అలాగైతే కొలిచే మనిషిని వదిలేయండి, కారణం డ్రాయింగ్‌లో ఉంది. నొక్కే ముందు బర్ తీసి, ఫేస్‌నీ ప్లేట్‌నీ తుడవండి. చిన్న చిప్ ఇరుక్కున్నా పార్టు ఇలాగే ఊగుతుంది.

కారణం: ఏ అని అక్షరం పెట్టారు, ఆ ఫేస్‌కి ఫ్లాట్‌నెస్ పెట్టలేదు

ఎక్కువమందిని ముంచేది ఇదే. పై ఫేస్‌కి 0.05 అడిగాం కాబట్టి కింది ఫేస్ కూడా అంతే బాగుంటుందని అనుకుంటాం. డ్రాయింగ్ అలా అనడం లేదు. పారలలిజం ఫ్రేమ్ పై ఫేస్‌ని మాత్రమే పట్టుకుంటుంది. ఏ ఫేస్ ఎంత చదునుగా ఉండాలో చెప్పే ఫ్రేమ్ ఎక్కడా లేదు. ఏఎస్‌ఎంఈ వై14.5 ప్రకారం గీసిన డ్రాయింగైతే, సైజు హద్దులే ఆకారానికి కూడా హద్దు. అంటే మందంలో ఉన్న 0.2 మొత్తం ఆ ఫేస్ వంపుకి వదిలేసినట్టే. ఐఎస్‌ఓ డ్రాయింగైతే ఐఎస్‌ఓ 8015 స్వతంత్ర సూత్రం వర్తిస్తుంది కాబట్టి ఆ హద్దు కూడా దానంతట అది రాదు. ఏ ప్రమాణమో టైటిల్ బ్లాక్‌లో రాయకపోతే షాపు ఒక రకంగా, ఇన్‌స్పెక్షన్ ఇంకో రకంగా చదువుకుంటాయి.

లెక్క చూడండి. ఏ ఫేస్ మధ్యలో వెడల్పు పొడవునా ఒక గట్టు ఉంది, ఎత్తు 0.04. అక్కడినుంచి రెండు చివరలకూ సూటిగా వాలు. పార్టు గట్టు మీద కూర్చుంటుంది. ఎడమవైపు నొక్కితే ఎడమ చివర ప్లేట్‌కి ఆనుతుంది. 60 మి.మీ.కి 0.04 వాలు పడింది కాబట్టి, 120 మి.మీ. మీద పార్టు 0.08 వంగి నిలబడుతుంది, కుడి చివర కింద 0.08 ఖాళీ. కుడివైపు నొక్కితే ఇదే తిరగబడుతుంది. ఫ్లాట్‌నెస్ తప్పు 0.04, పారలలిజం రీడింగ్‌లో అది 0.08. మీరు అడిగిన టాలరెన్సే 0.05. పై ఫేస్ ఎంత బాగా మిల్ చేసినా ఈ పార్టు పాసవుతుందో లేదో ఎలా కూర్చుందన్నదాన్ని బట్టే ఉంటుంది.

సీఎంఎం దగ్గర ఇది ఇంకా దాక్కుంటుంది. నాలుగు మూలల్లో నాలుగు పాయింట్లు తీసుకుంటే తలం సరిగ్గా మట్టంగా వస్తుంది, గట్టు ఉన్నట్టే తెలియదు. పాయింట్లన్నీ గట్టుకి ఒకే వైపు పడితే తలం ఆ వాలునే పట్టుకుని 0.08 వంకర చూపిస్తుంది. అసెంబ్లీలో బోల్ట్ బిగిస్తే మూడో ఫలితం. ప్రోగ్రామ్ మార్చి నంబరు తెప్పించుకోవడం మందు కాదు.

పరిష్కారం

ఏ ఫేస్‌కి ఫ్లాట్‌నెస్ ఫ్రేమ్ పెట్టండి. అందులో డేటమ్ అక్షరం రాయకూడదు. ఫ్లాట్‌నెస్ దేనితోనూ పోల్చేది కాదు, అది ఆ ఫేస్ సొంత సంగతి. లీడర్ నేరుగా ఫేస్ మీదికి వెళ్లాలి. 20 కొలత కింద ఫ్రేమ్ పెడితే ఏఎస్‌ఎంఈ ప్రకారం అది ఫేస్‌కి కాదు, మందం మధ్యతలానికి వర్తిస్తుంది. డేటమ్ త్రిభుజాన్ని కొలత గీతకి ఎదురుగా సూటిగా పెట్టినా అంతే, మధ్యతలమే డేటమ్ అయిపోతుంది. దాన్ని గీత నుంచి పక్కకి జరపండి.

విలువ ఎంత? ఊగినప్పుడు రెట్టింపవుతుందని పైన చూశాం. ఏని ఆధారం చేసుకున్న వాటిలో బిగువైన టాలరెన్స్ 0.05 కాబట్టి, ఫ్లాట్‌నెస్ 0.02 ఇస్తే ఊగుడే 0.04 తినేస్తుంది, పై ఫేస్‌కి 0.01 మిగులుతుంది. 0.01 ఇస్తే 0.03 మిగులుతుంది, కానీ మిల్లింగ్‌లో ప్రతిసారీ అది పట్టదు, ఖర్చు పెరుగుతుంది. అంత అవసరం లేకపోతే ఏ ఫేస్‌లో 0.5 మి.మీ. లోతు తీసేసి మూడు చిన్న ప్యాడ్‌లు మిగల్చండి, వాటిని ఏ1, ఏ2, ఏ3 డేటమ్ టార్గెట్లుగా చూపండి. మూడు చోట్ల ఆనుకున్నది ఊగదు. ఫిక్స్చర్ క్లాంపులు కూడా ఆ ప్యాడ్‌ల మీదే పడాలి. భారం త్రిభుజం బయట పడే పార్టుకు మాత్రం ఇది వద్దు.

ఫ్లాట్‌నెస్‌ని కొలిచేటప్పుడు ఏ ఫేస్‌ని ప్లేట్ మీద బోర్లించి, పైన డయల్ తిప్పకండి. అది పై ఫేస్ పారలలిజం చూపిస్తుంది. ఏ ఫేస్ పైకి ఉండేలా మూడు జాక్‌ల మీద పెట్టి, దూరదూరంగా మూడు పాయింట్లను సున్నాకి తెచ్చి, ఫేస్ అంతా డయల్ నడపండి. సూది మొత్తం కదలిక ఫ్రేమ్ విలువలోపు ఉంటే పార్టు పాస్. ఈ పద్ధతి నిజం కంటే తక్కువ చూపదు, ఎక్కువ చూపొచ్చు. కాబట్టి హద్దు దగ్గర ఫెయిలైన పార్టును పారేసే ముందు సీఎంఎంలో ఎక్కువ పాయింట్లతో మళ్లీ చూడండి.

ఫ్రేమ్ ఉన్నా ఫెయిలవుతుంటే

వైస్‌లో ఉండగా బాగుండి, విప్పగానే 0.06 వంగితే డ్రాయింగ్‌ని తాకకండి. బిగింపు సడలించి, చివరి పాస్ తేలిగ్గా కొట్టించండి. సన్నటి పార్టులకు విప్పిన స్థితిలో కొలవాలా, బిగించి కొలవాలా అన్నది డ్రాయింగ్‌లో రాసి ఉండాలి.

పాసైన పార్టు అసెంబ్లీలో కూర్చోకపోతే డేటమ్‌ల వరుస చూడండి. కొలతలు అక్కడినుంచి మొదలయ్యాయని 20 మందం ఉన్న పక్క అంచుని ఏ చేస్తే, బోల్ట్ బిగించే పెద్ద ఫేస్ రెండోదైపోతుంది. అప్పుడు ఇన్‌స్పెక్షన్‌లో పార్టు అంచు మీద నిలబడుతుంది, మెషీన్‌లో ఫేస్ మీద కూర్చుంటుంది, రెండింటి మధ్య లంబకోణంలో ఉన్న తప్పు అంతా రంధ్రాల మీద పడుతుంది. ఆనుకునే ఫేస్ ఏ, జరపకుండా ఆపే పొడవు అంచు బి, చివరి స్టాపర్ సి.

పై ఫేస్‌కి పారలలిజం 0.05 ఉండగా ఫ్లాట్‌నెస్ 0.05 మళ్లీ పెట్టడం వృథా, పారలలిజం అంత పని ఎలాగూ చేస్తుంది. 0.05 కంటే తక్కువ కావాలంటేనే పెట్టండి.

గది వేడి, ప్రోబ్ అరుగుదల, సర్ఫేస్ ప్లేట్ గుంటలు కూడా కారణాలే. ఇంతవరకూ చెప్పినవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.