రెండు కాలమ్‌ల పేజీ కలగాపులగమైతే

కావలిలో మా మావయ్య దాచుకున్న పాత ఉత్సవ సంచికను టైపు చేయకుండా అక్షరాల్లోకి మార్చాలనుకున్నాను. 300 డీపీఐలో స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను చదివే టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్‌కి ఇస్తే, అక్షరాలు బాగానే వచ్చాయి గానీ వాక్యాలకు తలాతోకా లేదు. ఎడమ కాలమ్‌లో సగం పంక్తి, దాని పక్కనే కుడి కాలమ్‌లో సగం! "ఇదేం తెలుగు అబ్బాయా?" అన్నాడు మావయ్య.

తప్పు నాదే. ఎక్కడో చూసి `--psm 6` పెట్టాను. అది పేజీ మొత్తాన్ని ఒకే దిమ్మెగా భావించి, అడ్డంగా చదువుకుంటూ పోతుంది. కాలమ్‌లను అదే విడదీసుకోవాలంటే 3 ఉండాలి.

```
tesseract p12.png p12 -l tel --psm 3 hocr
```

ముందు పేజీ వాలు సరిచేశాను. వాలుంటే కాలమ్‌ల మధ్య ఖాళీ దానికి సరిగా కనబడదు.

చివర `hocr` ఎందుకంటే శీర్షికల కోసం. మామూలు టెక్స్ట్ ఫైల్లో శీర్షికా, మిగతా పంక్తీ ఒకేలా ఉంటాయి. `hocr` పెడితే వచ్చే ఫైల్లో పేరాకు `ocr_par` గుర్తు, ప్రతి పంక్తికీ `x_size` అనే ఎత్తు ఉంటాయి. నా పేజీలో మామూలు పంక్తులు 50 దగ్గర, శీర్షికలు 80 పైన ఉన్నాయి. పెద్దవాటిని వర్డ్‌లో శీర్షికలుగా పెట్టుకున్నాను. అదే సైజులో బొద్దుగా అచ్చేసిన ఉపశీర్షికలు మాత్రం దొరకలేదు, వాటిని పుస్తకం చూసి చేత్తోనే దిద్దాను.